ముందు ఒక్క సీసాకే

భీమవరంలో ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకావిడ ఉన్నారనుకుందాం. వీధిలోవాళ్లు, వాళ్ల చుట్టాలు, హైదరాబాదులో ఉంటున్న వాళ్ల పిల్లలు కొంటున్నారు. సీసా మీద ఇప్పటిదాకా జెరాక్స్ షాపులో కొట్టించిన తెల్ల స్టిక్కరే. ఈమధ్య ఒక సూపర్ మార్కెట్ వాళ్లు సరుకు పెట్టుకుంటామన్నారు, కానీ లేబుల్ మార్చమన్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక డిజైనర్ చేసిన పని ఆవిడ కంటపడింది. ఏ కంపెనీలోనూ ఉద్యోగం చేయకుండా విడివిడిగా పనులు ఒప్పుకుని చేసే కుర్రాడు, అంటే ఫ్రీలాన్సర్. రాత్రి పనంతా తెమిలాక ఆవిడ ఫోను తీసి ఇలా రాశారు:

“హాయ్. మీ డిజైన్లు బాగున్నాయి. మా పచ్చళ్లకు లేబుళ్లు కావాలి. ముందు ఒక శాంపిల్ చేసి పంపండి. నచ్చితే మిగతా పనంతా మీకే ఇస్తాం.”

ఇందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. బట్టల షాపులో చీర మడత విప్పి చూపించమంటాం కదా, ఇదీ అలాంటిదే అని ఆవిడ అనుకున్నారు. కానీ ఆ చీర అప్పటికే నేసి ఉంది. మీకు నచ్చకపోతే షాపతను మళ్లీ మడతపెట్టి ఇంకొకరికి అమ్ముకుంటాడు. మీ సీసా కొలతకు, మీ పచ్చడి పేరుకు, మీ ఊరికి తగ్గట్టు చేసిన లేబుల్‌ని ఇంకెవరూ కొనరు. ‘నచ్చితే’ అన్న ఒక్క మాటతో నష్టమంతా ఆ కుర్రాడి మీద పడింది. మూడు రోజుల పని, రాబడి వస్తుందో రాదో తెలియదు.

డబ్బు వస్తుందన్న ఆశ మీద ముందుగా చేసిపెట్టే ఇలాంటి పనిని డిజైనర్లు ‘స్పెక్ వర్క్’ అంటారు. 1914లో అమెరికాలో మొదలైన ఏఐజీఏ అనే డిజైనర్ల సంఘం దీన్ని ఎన్నాళ్ల నుంచో వద్దంటోంది. అలాగని అవతలివైపు భయాన్ని కొట్టిపారేయలేం. ముక్కూమొహం తెలియని మనిషికి పన్నెండు లేబుళ్ల పని ఒకేసారి అప్పజెప్పడం చిన్న వ్యాపారికి గుండెలదిరే వ్యవహారమే. ఈ రెండు భయాలకూ మధ్య దారి డబ్బిచ్చి చేయించుకునే ట్రయల్. పెద్ద పనిలోంచి ఒక చిన్న ముక్క తీసి, దానికి పూర్తి ధర కట్టి, ముందు అంతవరకు చేయించుకోవడం. అయితే అది నిజంగా ట్రయల్ అవుతుందా, డబ్బు పేరు పెట్టిన శాంపిల్‌గా మిగిలిపోతుందా అన్నది పిలిచే మెసేజ్‌లోనే తేలిపోతుంది.

ఆవిడ అదే మెసేజ్‌ని ఇంకో పది నిమిషాలు ఆలోచించి రాసి ఉంటే ఇలా ఉండేది:

“నమస్తే అండి. మాది భీమవరం, పచ్చళ్లు చేసి అమ్ముతాం. మీరు ఒక స్వీట్ షాపుకి చేసిన డబ్బాలు చూశాను. తెలుగు అక్షరాలు దూరం నుంచి కూడా చక్కగా చదవగలిగాను, అందుకే మీకు రాస్తున్నాను. మాకు 12 రకాల పచ్చళ్లకు లేబుళ్లు కావాలి. ముందు ఒక్కటే ట్రయల్‌గా చేయిద్దామనుకుంటున్నాను: పండుమిర్చి పచ్చడి, 250 గ్రాముల సీసా. దానికి 5,000 రూపాయలు. సగం మొదలుపెట్టే ముందు, సగం ఫైలు పంపిన రోజు. నాకు నచ్చినా నచ్చకపోయినా మొత్తం ఇస్తాను. మార్పులు రెండుసార్లు అడుగుతాను. పది రోజులు చాలా? నేను ఆ లేబుల్ వాడకపోతే డిజైన్ మీదే, వాడితే హక్కుల సంగతి కాగితం మీద రాసుకుందాం. ట్రయల్ అయిన వారంలోపు మిగతా 11 సంగతి అవునో కాదో చెప్పేస్తాను. వీలవుతుందో లేదో శుక్రవారం లోపు చెప్పగలరా?”

ఫోనులో ఒక తెరకు కాస్త మించుతుంది, అంతే. దీనికంటే పొడవైతే చదివేవాళ్లు రేపు చూద్దాంలే అని పక్కన పెడతారు. ఇంతకంటే కుదిస్తే తర్వాత గొడవ పడాల్సిన విషయం ఏదో ఒకటి మిగిలిపోతుంది.

ముందు పండుమిర్చి సంగతి చెప్పాలి, ఎందుకంటే అది ఊరికే ఎంచుకున్న పచ్చడి కాదు. చాలామంది ట్రయల్‌కి తమకు ఇష్టమైన సరుకునో, బాగా అమ్ముడయ్యేదాన్నో ఇస్తారు. ఇక్కడైతే ఆవకాయ ఇచ్చేవారు. ఆవకాయ అన్న మాటలో ఒక్క ఒత్తు కూడా లేదు. ‘పండుమిర్చి పచ్చడి’లో ర్చి ఉంది, చ్చ ఉంది. తెలుగు లేబుల్ ఎక్కడ దెబ్బతింటుందో ప్రెస్సులో పనిచేసినవాళ్లను అడగండి, ఒత్తుల దగ్గరే అంటారు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల అమరికను ఎంచుకోకపోతే చ కింద ఉండాల్సిన ఒత్తు విడిపోయి, పొల్లు చ పక్కన ఇంకో చ నిలబడుతుంది. కొన్ని ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతోనే పని నడుస్తోంది. ఫోనులో మనం టైపు చేసే యూనికోడ్ అక్షరాల పద్ధతి వేరు, వాటి పద్ధతి వేరు. ఒకదాన్ని తెచ్చి ఇంకోదాంట్లో అతికిస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి, మార్పిడి చేస్తే ఎక్కడో ఒక ఒత్తు జారిపోతుంది. ఈ పని తెలిసిన డిజైనర్ ప్రెస్సుకు పంపే ముందు అక్షరాలన్నిటినీ ‘కర్వ్స్’ చేస్తాడు, అంటే అక్షరాలను బొమ్మలుగా మార్చేస్తాడు. అప్పుడు ప్రెస్సు కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోయినా ఏమీ చెదరదు. కర్వ్స్ చేశాక ఇక టైపు చేసి దిద్దడం కుదరదు కాబట్టి, మార్చని కాపీ ఒకటి తన దగ్గర దాచుకుంటాడు.

అంటే ట్రయల్ ముక్కలో మొత్తం పనిలోని చిక్కంతా ఉండాలి. పేరు పొడుగ్గా ఉన్న పచ్చడి, ఒత్తులున్న పచ్చడి, అన్నిటికంటే చిన్న సీసా. దాన్ని దాటిన మనిషి ఆవకాయను అవలీలగా చేస్తాడు. ఆవకాయతో మొదలుపెట్టినవాడు పండుమిర్చి దగ్గర ఆగిపోతే, అప్పటికే ఆరు లేబుళ్లు అచ్చయి ఉంటాయి.

ఇక 5,000. ఇది బజారు ధర అని చెప్పడం లేదు. ఊరిని బట్టి, అనుభవాన్ని బట్టి ధరలు మారతాయి. ఆ అంకె ఎలా వచ్చిందన్నదే చూడాల్సింది. డిజైనర్ తన గంటకు 500 రూపాయలు లెక్క కట్టుకుంటాడనుకోండి. మొదటి లేబుల్‌కి విషయం అర్థం చేసుకోవడం, రంగులు, అక్షరాలు ఎంచుకోవడం, చట్టప్రకారం ఉండాల్సిన వివరాలకు చోటు కుదర్చడం, మార్పులు, అన్నీ కలిపి పది గంటలు పడుతుంది. అది 5,000. మిగతా పదకొండూ ఆ దారిలోనే నడుస్తాయి కాబట్టి ఒక్కోదానికి మూడు గంటలు, అంటే 1,500. పదకొండుకీ 16,500. మొత్తం పని 21,500.

తప్పు జరిగేది ఇక్కడే. వ్యాపారి 21,500ని పన్నెండుతో భాగించి, ఒక్కో లేబుల్ సుమారు 1,800 కదా, ట్రయల్‌కి 1,800 ఇస్తానంటాడు. కానీ ఆలోచనంతా మొదటి లేబుల్‌లోనే ఉంది. 1,800కి ఆ ఆలోచనంతా చేతికొచ్చాక మిగతా పదకొండిటికీ పేరు, రంగు మార్చి ఇవ్వడం డీటీపీ వచ్చిన ఎవరైనా చేస్తారు. డిజైనర్లకు తగిలే పెద్ద దెబ్బ అదే. ఫీజు ఎగ్గొట్టడం కంటే ఇదే ఎక్కువ బాధపెడుతుందని నేననుకుంటాను, ఎందుకంటే ఇక్కడ డబ్బు ఇచ్చామన్న నమ్మకంతోనే అన్యాయం జరుగుతుంది. ట్రయల్‌కి తగ్గింపు ధర ఉండకూడదు. మొదటి ముక్కకు పడే అసలు ఖరీదే ట్రయల్ ఖరీదు.

‘నచ్చినా నచ్చకపోయినా మొత్తం ఇస్తాను’ అన్న వాక్యం రాయడానికి వ్యాపారి చెయ్యి వెనకాడుతుంది. బాగా చేయకపోయినా ఇవ్వాలా అనిపిస్తుంది. ఆ 5,000తో ఆవిడ కొంటున్నది లేబుల్ ఒక్కటే కాదు. 21,500 పెట్టాక తెలిసే సంగతిని 5,000కే తెలుసుకుంటున్నారు. ఈ మనిషి చెప్పిన రోజుకి ఇస్తాడా, అడిగింది వింటాడా, తెలియనిది అడుగుతాడా అన్నవి లేబుల్ నచ్చకపోయినా తెలుస్తాయి. ఒక్క షరతు మాత్రం న్యాయమే. అసలు పనే ఇవ్వకుండా మాయమైతే మిగతా సగం ఇవ్వక్కర్లేదు.

హక్కుల వాక్యం దగ్గర చట్టం కొంచెం తెలిసి ఉండాలి. డబ్బిచ్చి చేయించుకున్నాం కాబట్టి డిజైన్ మనదే అని చాలామంది నమ్ముతారు. మన కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా కృతికి మొదటి యజమాని దాన్ని సృష్టించినవాడే. ఉద్యోగంలో భాగంగా చేస్తే యజమాని సంస్థ అవుతుంది, కానీ ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాడు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలు, వేయించుకున్న పెయింటింగులు, పోర్ట్రెయిట్ల లాంటివాటికి అదే సెక్షన్‌లో వేరే నియమం ఉంది. ఒక లేబుల్‌లో ఫొటో, బొమ్మ, అక్షరాల అమరిక అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి ఏది ఏ కిందికి వస్తుందని వాదించుకునే పరిస్థితి తెచ్చుకోకుండా రాసుకోవడమే మేలు.

19వ సెక్షన్ ఇంకా ముఖ్యం. హక్కులు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, ఇచ్చేవాళ్ల సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకేనని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే. పచ్చళ్ల వ్యాపారికి ఈ రెండూ తగిలే సంగతులే. ఆ సీసాలు రేపు అమెరికాలో తెలుగువాళ్ల ఇళ్లకు పోవచ్చు, ఆ లేబుల్ ఇరవై ఏళ్లు వాడొచ్చు. అందుకే ట్రయల్ లేబుల్ వాడాలని నిర్ణయించుకున్న రోజు ఒక పేజీ కాగితం మీద ‘ఈ లేబుల్‌పై కాపీరైట్ పూర్తి కాలానికి, అన్ని దేశాలకు బదిలీ చేస్తున్నాను’ అని డిజైనర్ సంతకం పెట్టాలి, ఎంత సొమ్ము ముట్టిందో కూడా అందులో ఉండాలి. వాట్సాప్‌లో ‘ఓకే’ అన్నది పని ఒప్పుకున్నట్టు చూపించుకోవడానికి పనికొస్తుంది. హక్కుల బదిలీకి దాన్నే నమ్ముకోకూడదు.

లేబుల్ వాడకపోతే డిజైన్ మీదే అని ఆవిడ రాయడం వల్ల ఆవిడకు పోయేది ఏమీ లేదు. కుర్రాడు ఆ పేరు, లైసెన్స్ నంబరు తీసేసి దాన్ని తన పనుల్లో ఒకటిగా చూపించుకోగలడు. ట్రయల్ పని అని కింద రాసుకుంటే చాలు.

ఇప్పుడు అవతలివైపు చూద్దాం. గురువారం మధ్యాహ్నం జవాబు వచ్చిందనుకుందాం:

“నమస్తే మేడమ్. పని నచ్చింది, పది రోజుల్లో ఇస్తాను. మొదలుపెట్టే ముందు కొన్ని కావాలి. ఖాళీ సీసా ఫొటో, టేపుతో చుట్టుకొలత, మూత కింద నుంచి అడుగు దాకా ఎత్తు. పచ్చడిలో వేసేవన్నీ ఎక్కువ బరువు నుంచి తక్కువకి వరసగా. ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. మీరు అచ్చు వేయించే ప్రెస్సువాళ్ల నంబరు. తయారీ తేదీ సీసా మీద ఎలా వేస్తారు, స్టాంపా, మెషీనా? ఈ ట్రయల్‌లో ప్రెస్సుకి పంపే పీడీఎఫ్ ఇస్తాను, ఓపెన్ ఫైల్ మొత్తం పని ఒప్పుకున్నాక ఇస్తాను. సరేనా అండి?”

నేనైతే ఈ జవాబు చూడగానే సగం ట్రయల్ అయిపోయిందనుకుంటాను. ఇందులో అడిగిన ఒక్కో ప్రశ్న వెనక ఒక పాడైపోయిన లేబుల్ కథ ఉంటుంది. దినుసులు బరువు వరసలో ఉండాలన్నది ఆహార లేబుళ్ల నియమం. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరులో 14 అంకెలుంటాయి, ఒక్కటి తప్పుపడితే అచ్చయిన స్టిక్కర్లన్నీ చెత్తబుట్టకే. శాకాహారానికి ఆకుపచ్చ చదరపు గీతలో ఆకుపచ్చ చుక్క, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ధర, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, చేసినవారి చిరునామా, పోషక విలువలు, ఫిర్యాదుకు ఫోను నంబరు, ఇవన్నీ ఆ చిన్న స్టిక్కర్‌లో పట్టాలి. ఈ తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లోగానీ హిందీలోగానీ ఉండాలి, వాటికి తోడు తెలుగు పెట్టుకోవచ్చు. తెలుగు ఒక్కటే ఉంటే చాలదు. మంచి తెలుగు లేబుల్ చేయాలన్న ముచ్చటతో ఈ మాట మరిచిపోయేవాళ్లుంటారు.

తేదీ ప్రశ్న ఇంకా లోతైనది. లేబుల్ అంతా మెరిసే లామినేషన్ వేస్తే దాని మీద స్టాంపు సిరా ఆరదు, వేలితో రుద్దితే పోతుంది. అందుకే తేదీ, బ్యాచ్ వేసే చోటును రంగు లేకుండా, వీలైతే లామినేషన్ లేకుండా ఖాళీగా వదలాలి. ఇది డిజైన్ మొదలుపెట్టే ముందే ప్రెస్సువాళ్లతో మాట్లాడుకోవాల్సిన సంగతి. ఏమీ అడగకుండా రెండు రోజుల్లో అందమైన బొమ్మ పంపిన డిజైనర్ కంటే, ఆరు ప్రశ్నలు అడిగి వారం తీసుకున్నవాడే ఈ పనికి సరైనవాడు.

ఓపెన్ ఫైల్ అంటే డిజైనర్ పనిచేసిన అసలు ఫైలు. దిద్దుకోవడానికి అది కావాలి. ట్రయల్‌లో ఇవ్వను, మొత్తం పనిలో ఇస్తాను అనడం సమంజసమే. పైన చెప్పిన మొదటి లేబుల్ ఆలోచనకు అదే కాపలా. ఆవిడ ‘సరే’ అని 2,500 పంపారు.

ఎనిమిదో రోజు ఫోనులో లేబుల్ బొమ్మ వచ్చింది. మిరపపండు ఎరుపు, మధ్యలో లావుపాటి తెలుగు అక్షరాలు. అక్షరాలకు సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర ఫాంటు వాడాడు. అది అందరూ ఉచితంగా వాడుకోగలిగే లైసెన్స్‌తో ఉంటుంది కాబట్టి రేపు ఫాంటుకు డబ్బు కట్టమని ఎవరూ అడగరు. చూడగానే ఆవిడకు నచ్చేసింది, ఇంట్లోవాళ్లందరికీ చూపించారు.

ఫోనులో చూసి నిర్ణయించకూడదు. ఫోను తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రెస్సు సిరాతో వేస్తుంది. తెర మీద నిగనిగలాడిన ఎరుపు అచ్చులో ఇటుకరంగులోకి దిగొచ్చు. అందుకే ఆవిడ ఆ పీడీఎఫ్‌ని జెరాక్స్ షాపుకి తీసుకెళ్లి, సైజు నూటికి నూరు శాతం ఉంచి కలర్ ప్రింట్ తీయించారు. అసలు రంగు ప్రెస్సు ప్రూఫులోనే తెలుస్తుంది గానీ, కొలతలు, చదవగలిగే తీరు తేల్చుకోవడానికి ఈ ప్రింట్ సరిపోతుంది. కత్తిరించి, పచ్చడి నింపిన సీసాకి చుట్టి, వంటింటి అలమారలో పెట్టి ఆరడుగుల దూరం నుంచి చూశారు. పేరు కనిపించింది. కానీ సీసా గుండ్రంగా ఉండటంతో ‘పండుమిర్చి పచ్చడి’ అన్నది ఎదురుగా సగమే కనిపించి, మిగతా సగం పక్కకి తిరిగిపోయింది. చదును కాగితం మీద ఈ లోపం ఎవరికీ తెలియదు. తర్వాత కళ్లజోడు తీసేసిన అత్తగారి చేతికిచ్చి తేదీ ఎక్కడుందో చూడమన్నారు. ఆవిడ వెతుక్కోవాల్సి వచ్చింది.

మొదటి మార్పు ఆ రెండింటికే: పేరును రెండు వరసల్లో పేర్చడం, తేదీ చోటు పెద్దది చేయడం. ‘కొంచెం రిచ్‌గా చేయండి’, ‘ఏదో తక్కువైంది’ లాంటి మాటలతో మార్పు అడిగితే రెండు అవకాశాలూ గాలికి పోతాయి, డిజైనర్ ఊహల వెంట పరుగెడతాడు. ఎక్కడ, ఏది, ఎందుకు అన్నది చెబితే ఒక్కసారిలో సరైపోతుంది. రెండో మార్పులో ప్రెస్సువాళ్లు చెప్పినట్టు కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్ల రంగు అదనంగా వదిలారు. ప్రెస్సువాళ్లు పది స్టిక్కర్లు తీసిచ్చారు. ఆవిడ వేళ్లకు పచ్చడి నూనె రాసుకుని ఒకదాన్ని నలిపారు. కాగితం స్టిక్కరు నూనె పీల్చి మచ్చపడింది, ప్లాస్టిక్ స్టిక్కరు తుడిస్తే శుభ్రమైంది. పచ్చడి సీసాకి ఏది వేయాలో అక్కడే తేలిపోయింది.

మిగతా 2,500 ఫైలు వచ్చిన రోజునే వెళ్లింది. ఇక వారంలోపు చెబుతానన్న మాట ఉంది. అవుననాల్సి వస్తే తేలికే: పదకొండు పేర్లు, ఒక్కోదానికి 1,500, ఓపెన్ ఫైల్ ఎప్పుడు, హక్కుల కాగితం, సంతకం. కాదనాల్సి వస్తేనే మనుషులు జవాబివ్వకుండా తప్పించుకుంటారు. ఆ కుర్రాడు మిగతా పనికోసం ఆ నెలలో చోటు ఖాళీగా ఉంచుకుని, వచ్చిన వేరే పనిని వద్దనుకుని కూర్చుంటాడు. దానికి కావాల్సింది నాలుగు వాక్యాలే:

“నమస్తే అండి. మీరు చెప్పిన రోజుకే ఇచ్చారు, అడిగినవన్నీ చేశారు. మా ఇంట్లోవాళ్లం అందరం చూసుకుని మిగతా పదకొండూ వేరే పద్ధతిలో, చేత్తో వేసిన బొమ్మలతో చేయించుకోవాలనుకున్నాం. ఈ పండుమిర్చి లేబుల్ మేం వాడటం లేదు, డిజైన్ మీదే. సొమ్ము మొత్తం పంపాను, అందిందో లేదో ఒకసారి చూసి చెప్పండి.”